112 పేజీల టెండర్‌లో ముందు చదవాల్సిన ఏడు పేజీలు

ప్రశ్న: అయ్యా, మాది ప్రకాశం జిల్లా. పదేళ్లుగా సీసీ రోడ్లు, డ్రైన్ల పనులు చేస్తున్నాను. ఎక్కువ భాగం వేరేవాళ్ల పేరు మీద సబ్‌కాంట్రాక్టే. సొంత రిజిస్ట్రేషన్ మీద 2022-23లో 46 లక్షల సీసీ రోడ్డు, 12 లక్షల డ్రైన్ పూర్తి చేశాను. ప్రస్తుతం 62 లక్షల పని నడుస్తోంది, అందులో 44 లక్షలకు బిల్లులయ్యాయి. ఈమధ్య 1.20 కోట్ల ఈసీవీతో, అంటే శాఖ వేసిన అంచనా విలువతో, 12 నెలల గడువుతో సీసీ రోడ్ల టెండర్ పడింది. 112 పేజీలు, అంతా ఇంగ్లిష్. ఇలాంటి పని 60 లక్షలది చేసి ఉండాలట, నాకు లేదు కదా? చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే టెండర్‌తో కట్టే డిపాజిట్, అదే ఈఎండీ, కట్టక్కర్లేదని ఒకరు, ఈసీవీ కంటే 31 శాతం లెస్ వేస్తే పని మనదేనని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నమ్మాలి? చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

— ఒక చిన్న కాంట్రాక్టర్

సమాధానం: మొదటి పేజీ నుంచి మాత్రం మొదలుపెట్టకండి. ఆ 112 పేజీల్లో సగానికి పైగా ప్రతి టెండర్‌లోనూ అవే ఉంటాయి. కూలీల చట్టాలు, కొలతల పద్ధతి, వివాదం వస్తే ఏం చేయాలి, సిమెంట్ ఎలా నిల్వ చేయాలి వగైరా. పని దక్కాక వాటితో అవసరం పడుతుంది. టెండర్ వేయాలా వద్దా అన్నది తేలేది ఆరేడు పేజీల్లోనే. టెండర్ నోటీసు, దాని వెంట ఉండే వివరాల పట్టిక, అర్హతల క్లాజు, ఈఎండీ క్లాజు, టెండర్ల పరిశీలన ఎలా చేస్తారో చెప్పే క్లాజు, చివర్లో ప్రైస్ బిడ్ ఫారం. వీటిని ప్రింట్ తీసుకుని, పెన్ను పట్టుకుని కూర్చోండి. కూర్చునే ముందు పోర్టల్‌లో ఆ టెండర్ నంబరు కింద కారిజెండం, అంటే సవరణ నోటీసు, ఏమైనా పడిందేమో చూడండి. తేదీ మారినా, అర్హత మారినా మీకు ఫోన్ చేసి ఎవరూ చెప్పరు. అక్కడ ఒక ఫైల్ పెడతారు, అంతే.

ఇక 60 లక్షల సంగతి. మీకు లేదని మీరే తేల్చేసుకున్నారు. నాకలా అనిపించడం లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ పనుల టెండర్లకు మూలం 2003 జులై 1న ఉమ్మడి రాష్ట్రంలో నీటిపారుదల శాఖ ఇచ్చిన జీవో 94. తర్వాత మార్పులు చాలా వచ్చాయి గానీ, డాక్యుమెంట్ల అస్థిపంజరం ఇప్పటికీ అదే. అందులో అనుభవం షరతు సాధారణంగా ఇలా ఉంటుంది: గత ఐదు ఆర్థిక సంవత్సరాల్లో ఏదో ఒక ఏడాదిలో, ప్రైమ్ కాంట్రాక్టర్‌గా, అంటే శాఖతో నేరుగా అగ్రిమెంట్ చేసుకుని, ఇలాంటి పనిని ఈసీవీలో 50 శాతానికి తగ్గకుండా చేసి ఉండాలి. 1.20 కోట్లలో సగం, మీరు చూసిన ఆ 60 లక్షలు.

ఆ క్లాజు కిందే చిన్న పట్టిక ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా పేజీ తిప్పేస్తారు. పాత పనుల విలువను ఇప్పటి ధరలకు పెంచే పట్టిక అది. ఏడాదికి 10 శాతం చొప్పున లెక్క. ప్రస్తుత సంవత్సరానికి 1.00, కిందటేడు చేసిన పనికి 1.10, దానికి ముందు ఏడాదికి 1.21, ఆ ముందు 1.33, ఇంకా ముందు 1.46. టెండర్ 2025-26లో పడింది కాబట్టి 2022-23 పనికి 1.33తో గుణించాలి. 46 లక్షలు 61.18 లక్షలవుతాయి. గీత దాటారు.

అయితే ఆ పట్టిక మీ డాక్యుమెంట్‌లో ఉండాలి. లేకపోతే 46 అంటే 46 లక్షలే, వాదించడానికి లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థల టెండర్లలోనైతే షరతే వేరుగా ఉంటుంది. కేంద్ర ప్రజాపనుల శాఖ సీపీడబ్ల్యూడీ పద్ధతిలో గత ఏడేళ్లలో అంచనా విలువలో 80 శాతం పని ఒకటి గానీ, 60 శాతం పనులు రెండు గానీ, 40 శాతం పనులు మూడు గానీ చూపించమంటారు. అక్కడ పెంపు ఏడాదికి 7 శాతం. అందుకే పక్క టెండర్‌లో వేసిన లెక్క ఈ టెండర్‌కి తెచ్చి అతికించకండి.

'ఏదో ఒక ఏడాదిలో' అన్న మాటను ఇంకోసారి చదవండి. మీరు 46 లక్షల పని 2022-23లో పూర్తి చేశానన్నారు. మొదలుపెట్టింది ఎప్పుడు? 2022 ఏప్రిల్ తర్వాతే మొదలుపెట్టి 2023 మార్చి లోపు ముగించి ఉంటే చిక్కు లేదు. అలా కాకుండా 2022 జనవరిలోనే దిగి, మార్చి 31 లోపు 9 లక్షల పని చేసి ఉంటే 2022-23 ఖాతాలో పడేది 37 లక్షలే. దాన్ని 1.33తో గుణిస్తే 49.21 లక్షలు. అప్పుడు గీత కిందికి వెళ్లిపోతారు. కొన్ని డాక్యుమెంట్లలో మాత్రం 'అంత విలువైన పని పూర్తి చేసి ఉండాలి' అని ఊరుకుంటారు, ఒక ఏడాది అన్న బిగింపు ఉండదు. అలా ఉంటే పని రెండేళ్ల మీద సాగినా పూర్తి విలువ లెక్కలోకొస్తుంది. మీ డాక్యుమెంట్‌లో ఈ రెంటిలో ఏ మాట వాడారో వేలు పెట్టి చూసుకోండి.

మీ పదేళ్ల సబ్‌కాంట్రాక్ట్ గురించి చెప్పడం కాస్త కష్టంగానే ఉంది. రోడ్డు మీరు వేశారు, కూలీలు మీవాళ్లు, మిక్సర్ మీది. కానీ శాఖ కాగితాల్లో పేరు వేరొకరిది. శాఖ రాతపూర్వకంగా అనుమతించిన సబ్‌కాంట్రాక్ట్ అయితే తప్ప ఆ అనుభవం మీ ఖాతాలోకి రాదు. మెయిన్ కాంట్రాక్టర్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చే ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోరు. దాన్ని అప్‌లోడ్ చేసి ఆశ పెట్టుకోవద్దు.

అనుభవం సర్టిఫికెట్ ఎవరి సంతకంతో ఉండాలో కూడా అదే క్లాజులో రాస్తారు. ఎక్కువగా ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ ఇచ్చి, సూపరింటెండింగ్ ఇంజనీర్ కౌంటర్‌సైన్ చేసినదై ఉండాలంటారు. దీని దగ్గరే నేనొకసారి దెబ్బతిన్నాను. కాంట్రాక్టులు చేసే రోజుల్లో ఒక టెండర్‌లో నాదే తక్కువ ధర అవుతుందని గట్టి నమ్మకం. తీరా టెక్నికల్ బిడ్ తెరిచిన సాయంత్రం చూస్తే నా పేరు ఎదురుగా 'నాట్ క్వాలిఫైడ్' అని ఉంది. కారణం, సర్టిఫికెట్ మీద ఈఈ సంతకం ఉంది, ఎస్ఈ కౌంటర్ సంతకం లేదు. మర్నాడు ఆ సంతకం చేయించుకుని ఆఫీసుకు పరుగెత్తాను. గడువు దాటాక కొత్త కాగితం తీసుకోం అన్నారు. వాళ్లదీ తప్పు లేదు, ఆ మాట డాక్యుమెంట్‌లోనే రాసి ఉంది. చదవంది నేనే.

కాబట్టి మీ సర్టిఫికెట్ తీసి నాలుగు చూడండి. మీ పేరు లేదా ఫర్మ్ పేరు ఇప్పటి రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే ఉందా, ఏ ఆర్థిక సంవత్సరంలో ఎంత విలువ పని చేశారో విడివిడిగా రాశారా, పరిమాణాలు ఉన్నాయా, సంతకాలు రెండూ ఉన్నాయా. ఏడాదివారీ విభజన లేకపోతే ఇప్పుడే వెళ్లి మళ్లీ తీసుకోండి. ఎస్ఈ గారు క్యాంపులో ఉంటే వారం పడుతుంది.

పరిమాణాలు అన్నాను కదా, అదో విడి షరతు. డబ్బు విలువ కాకుండా, ముఖ్యమైన ఐటెంలు ఎంత మేర చేశారో కూడా అడుగుతారు. మీ షెడ్యూల్‌లో ఎం20 కాంక్రీట్ 1,000 క్యూబిక్ మీటర్లు ఉందనుకుందాం. అందులో సగం, అంటే 500 క్యూబిక్ మీటర్లు ఏదో ఒక ఏడాదిలో పోసి ఉండాలంటారు. ఇక్కడ ఆ 1.33 పనికిరాదు. రూపాయి విలువ ఏటా పెరుగుతుందని ఒప్పుకుంటారు గానీ కాంక్రీట్ పెరగదు కదా. మీ 46 లక్షల రోడ్డులో 410 క్యూబిక్ మీటర్లు పోశారనుకుంటే దానితో గట్టెక్కలేరు. అదే ఏడాది చేసిన 12 లక్షల డ్రైన్‌లో 105 పోసి ఉంటే మొత్తం 515. పరిమాణాల షరతు 'ఒక ఏడాదిలో' అని మాత్రమే ఉండి, 'ఒకే పనిలో' అని లేకపోతే రెండు పనుల్నీ కలిపి చూపించవచ్చు. అంటే మీరు చిన్నది కదా అని పక్కన పెట్టిన ఆ డ్రైన్ సర్టిఫికెట్టే మిమ్మల్ని నిలబెట్టొచ్చు. 410, 105 అన్నవి నేను ఊహించి వేసిన అంకెలు. కొలతలు రాసే మీ ఎం-బుక్ చూసి అసలైనవి వేసుకోండి.

అర్హతల్లో చాలామంది ఆగిపోయేది బిడ్ కెపాసిటీ దగ్గర. సూత్రం చూస్తే టెన్షన్ వస్తుంది గానీ అడిగేది మామూలు ప్రశ్నే: ఇప్పుడు చేతిలో ఉన్న పనులు పోను ఇంకా ఎంత పని మోయగలవు?

```
బిడ్ కెపాసిటీ = 2 × A × N − B
```

గత ఐదేళ్లలో మీరు ఎక్కువ పని చేసిన ఏడాది విలువ A. దాన్నీ ఇందాకటి పట్టికతో ఇప్పటి ధరలకు పెంచుతారు. N అంటే ఈ టెండర్ పనికి ఇచ్చిన గడువు, సంవత్సరాల్లో. ఆ గడువు లోపు మీరు పూర్తి చేయాల్సి ఉన్న పాత పనుల విలువ B.

మీ ఎక్కువ ఏడాది 2022-23 అనుకుందాం. ఇక్కడ ఇలాంటి పనే కావాలని లేదు, సివిల్ పనులన్నీ కలుస్తాయి. 46, 12 కలిపి 58 లక్షలు. 1.33తో గుణిస్తే 77.14 లక్షలు. గడువు 12 నెలలు కాబట్టి N ఒకటి. రెట్టింపు చేస్తే 154.28 లక్షలు. ఇప్పుడు B తీసేయాలి.

ఇక్కడే కాలు జారుతుంది. చేతిలో ఉన్న పనుల పట్టికలో చాలామంది అగ్రిమెంట్ విలువ రాసేస్తారు. మీరు 62 లక్షలు అని వేస్తే మిగిలేది 92.28 లక్షలు. ఈసీవీ 120 లక్షలు కాబట్టి అక్కడికక్కడే అవుట్. నిజానికి తీయాల్సింది మిగిలి ఉన్న పని విలువ. 44 లక్షల బిల్లులయ్యాయి గనక మిగిలింది 18 లక్షలు. 154.28లోంచి 18 పోతే 136.28. అర్హత వచ్చేసింది. 44 లక్షల పని అయిందని, 18 లక్షల పని మిగిలిందని ఆ పని చూస్తున్న ఈఈ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తీసుకుని జత చేయాలి. మీరు మీ నోటితో చెబితే చాలదు.

దీన్ని చూసి ఇంకో ఆలోచన వస్తుంది కొందరికి. నడుస్తున్న పనిని అసలు చూపించకపోతే పోలా అని. వద్దు. పక్క డివిజన్‌లో పని ఆన్‌లైన్‌లోనే కనిపిస్తుంది, పైగా పోటీలో ఉన్నవాడు ఫిర్యాదు చేయడానికి కాచుకుని ఉంటాడు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఈఎండీ పోతుంది, బ్లాక్‌లిస్ట్‌లో పెట్టే క్లాజు కూడా ఉంటుంది. మీకు ఆ అవసరమే లేదు, నిజం చెప్పినా లెక్క మీకే అనుకూలంగా ఉంది.

ఇదే పనికి గడువు తొమ్మిది నెలలని ఉంటే N 0.75 అవుతుంది. 154.28 కాస్తా 115.71కి పడిపోతుంది, B తీయకముందే ఫెయిల్. గడువు తక్కువున్న పని కనబడితే అంతా 'త్వరగా బిల్లులొస్తాయి' అనుకుంటారు. చిన్న కాంట్రాక్టర్‌కి అదే అడ్డం పడుతుంది.

ఇవి కాక బ్యాంకు నుంచి సాల్వెన్సీ గానీ, క్రెడిట్ సదుపాయం సర్టిఫికెట్ గానీ అడుగుతారు. అక్కడ మొత్తం ఎంత, సర్టిఫికెట్ ఎన్ని నెలల లోపుది కావాలి అన్న రెండూ చూస్తే సరిపోతుంది. ఫారం నమూనా డాక్యుమెంట్‌లో ఇచ్చి ఉంటే బ్యాంకు మేనేజర్ చేత ఆ నమూనాలోనే రాయించండి. వాళ్ల సొంత మాటల్లో వద్దు.

ఈఎండీకి వద్దాం. ఉద్యమ్ సర్టిఫికెట్ మాట పూర్తిగా అబద్ధం కాదు, మీకు వర్తించని నిజం. సూక్ష్మ, చిన్న పరిశ్రమల కోసం కేంద్రం 2012లో తెచ్చిన కొనుగోలు విధానంలో ఈఎండీ మినహాయింపు ఉంది. అది సరుకులకు, సేవలకు సంబంధించినది. కేంద్ర శాఖలు కుర్చీలు కొన్నా, సెక్యూరిటీ గార్డుల సేవ తీసుకున్నా అక్కడ పనికొస్తుంది. రోడ్డు వేయడం వర్క్స్ కాంట్రాక్ట్. పైగా మీది రాష్ట్ర శాఖ టెండర్. డాక్యుమెంట్‌లో మినహాయింపు ఉందని స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఉద్యమ్ కాగితం అప్‌లోడ్ చేసి ఈఎండీ మానేయకండి. టెక్నికల్ బిడ్‌లో మొదట చూసేది అదే, అక్కడే పక్కన పెట్టేస్తారు.

కట్టాల్సింది ఎంతంటే, మన దగ్గర ఎక్కువ డాక్యుమెంట్లలో టెండర్‌తో పాటు ఈసీవీలో 1 శాతం, పని దక్కాక అగ్రిమెంట్ నాటికి ఇంకో ఒకటిన్నర శాతం. మీ పనికి ముందు 1,20,000 రూపాయలు, తర్వాత 1,80,000. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారమైతే బిడ్ సెక్యూరిటీ 2 నుంచి 5 శాతం మధ్య ఎంతైనా పెట్టవచ్చు.

ఆన్‌లైన్‌లో కట్టేటట్టయితే మీ అకౌంట్ నుంచే కట్టండి. బావమరిది అకౌంట్‌లో డబ్బుందని అక్కడి నుంచి పంపితే టెండర్ వేసింది ఒకరు, డబ్బు కట్టింది ఇంకొకరు అవుతారు. తిరిగి వచ్చేటప్పుడు కూడా డబ్బు పంపిన అకౌంట్‌కే వెళుతుంది. నెఫ్ట్ అయితే పోర్టల్ ఇచ్చే చలానా ఆ టెండర్‌కి మాత్రమే. అందులో ఉన్న ఖాతా నంబరు, మొత్తం పైసలతో సహా అలాగే పంపాలి. చలానాలో 1,20,450 అని ఉందనుకుందాం, గుండ్రంగా ఉంటుందని దాన్ని 1,20,500 చేస్తే సిస్టం జత చేయదు, డబ్బు వెనక్కి తిరిగొస్తుంది, ఈలోపు గడువు ముగుస్తుంది. చివరి రోజు మధ్యాహ్నం నెఫ్ట్ చేయడమంటే అదృష్టంతో పందెం వేయడమే. రెండు రోజుల ముందు కట్టి, పోర్టల్‌లో అందినట్టు చూపించాకే నిద్రపోండి.

బ్యాంక్ గ్యారంటీ ఇస్తానంటే చూడాల్సింది గడువు తేదీ. టెండర్ ఎన్ని రోజులు చెల్లుబాటులో ఉండాలో నోటీసులో రాస్తారు, 90 రోజులనుకుందాం. బిడ్ల గడువు ఫిబ్రవరి 12 అయితే మామూలు ఏడాదిలో 90 రోజులు మే 13తో ముగుస్తాయి. గ్యారంటీ ఆ తర్వాత కూడా కొన్నాళ్లు నడవాలి. కేంద్ర నిబంధనల్లో అది 45 రోజులు, అంటే జూన్ 27 దాకా. మీ డాక్యుమెంట్‌లో ఎన్ని నెలలో రాసి ఉంటుంది. బ్యాంకు వాళ్లు మామూలుగా మూడు నెలలకు ఇచ్చేస్తారు, అడిగినవాడికి తెలియకపోతే వాళ్లకీ తెలియదు. ఎవరి హోదా పేరు మీద తీయాలో కూడా నోటీసు చూసి అక్షరం మారకుండా రాయించండి.

పని రాకపోతే ఈఎండీ తిరిగొస్తుంది, వడ్డీ ఉండదు. పోయేది ఎప్పుడంటే, చెల్లుబాటు గడువు లోపల టెండర్ వెనక్కి తీసుకున్నా, పని దక్కాక అగ్రిమెంట్‌కి రాకపోయినా, ఇచ్చిన కాగితాలు అబద్ధమని తేలినా. రెండోది చదివాక మీ 31 శాతం సంగతి చూద్దాం, రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

ఇలాంటి పనుల్లో పరిశీలన రెండు దశల్లో ఉంటుంది. ముందు టెక్నికల్ బిడ్ తెరిచి పైన చెప్పిన షరతులన్నీ ఉన్నాయో లేవో చూస్తారు. ఇక్కడ మార్కులు ఉండవు. పాస్ లేదా ఫెయిల్. 61 లక్షల అనుభవం ఉన్నవాడూ, ఆరు కోట్ల అనుభవం ఉన్నవాడూ ఆ గీత దాటాక సమానమే. కన్సల్టెన్సీ టెండర్లలో నాణ్యతకు మార్కులు వేసి ధరతో కలిపే పద్ధతి వేరే ఉంది, మీ రోడ్డు పనికి దానితో సంబంధం లేదు. పాసైనవాళ్ల ప్రైస్ బిడ్లే తెరుస్తారు. అందులో అందరికంటే తక్కువ వేసినవాడు ఎల్1. ఈసీవీ మీద 5 శాతానికి మించి ఎక్సెస్ వేస్తే మన పద్ధతిలో టెండర్ ఒప్పుకోరు. లెస్ వేయడానికి మాత్రం అడుగు అంటూ లేదు. అందుకే 31 అనే మాట పుడుతుంది.

లెస్‌కి అడుగు లేకపోయినా 25 శాతం దగ్గర ఒక గీత ఉంది. 25 శాతం లెస్ దాకా అదనపు డిపాజిట్ అడగరు. దాటితే, ఈసీవీలో 75 శాతానికీ మీరు వేసిన మొత్తానికీ ఉన్న తేడాను అగ్రిమెంట్ నాడు డీడీగా గానీ, బ్యాంక్ గ్యారంటీగా గానీ పెట్టాలి. పని పూర్తయ్యేదాకా అది వాళ్ల దగ్గరే ఉంటుంది. 1.20 కోట్లలో 75 శాతం 90 లక్షలు. 31 శాతం లెస్ అంటే 82.80 లక్షలు. తేడా 7.20 లక్షలు. దానికి మిగతా ఈఎండీ 1.80 లక్షలు కలిపితే, ఇంకా ఒక ట్రాక్టర్ కంకర దిగకముందే 9 లక్షలు పెట్టాలి. గ్యారంటీ తీసుకుందామంటే, బ్యాంకులో మీకు లిమిట్ లేకపోతే చాలాసార్లు పూర్తి మొత్తానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ అడుగుతారు. పేరుకే గ్యారంటీ, డబ్బు మీదే.

ఆ 9 లక్షలు సర్దలేక అగ్రిమెంట్‌కి వెళ్లకపోతే మొదట కట్టిన 1.20 లక్షలు పోతాయి. అలా పోగొట్టుకున్నవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఇద్దరూ ఎల్1 వచ్చిన రోజు స్వీట్లు పంచినవాళ్లే.

సర్దగలిగినా, 82.80 లక్షలకు పని అవుతుందా అన్నది వేరే లెక్క. మీది పర్సంటేజ్ టెండర్ అయితే 31 శాతం కోత ప్రతి ఐటెం మీదా సమానంగా పడుతుంది. మట్టి తవ్వకంలో మీకు మిగులు ఉండొచ్చు, కాంక్రీట్‌లో ఉండదు. ఒక క్యూబిక్ మీటర్ ఎం20కి మిక్స్‌ని బట్టి ఆరున్నర నుంచి ఎనిమిది బస్తాల సిమెంట్ పడుతుంది. ఆ సిమెంట్‌కీ, మీ ఊరికి కంకర, ఇసుక చేర్చే రవాణాకీ, మిక్సర్‌కీ, కూలీకీ అయ్యే ఖర్చు ఇవాళ్టి రేట్లతో కాగితం మీద వేయండి. షెడ్యూల్‌లో ఆ ఐటెంకి ఇచ్చిన రేటుని 0.69తో గుణించి పక్కన రాయండి. సీసీ రోడ్డు పనిలో డబ్బంతా ఆ ఒక్క ఐటెంలోనే ఉంటుంది. అది తేలితే పని తేలినట్టే. బిల్లు చేతికొచ్చేటప్పుడు ఐటీ టీడీఎస్, లేబర్ సెస్ చెరొక శాతం తగ్గుతాయి. వీటికి తోడు ఎఫ్ఎస్‌డీ అనే అదనపు సెక్యూరిటీ డిపాజిట్ కింద ప్రతి బిల్లులో ఏడున్నర శాతం ఆపడం చాలా డాక్యుమెంట్లలో ఉంది. అది తర్వాత వచ్చేదే అయినా, పని జరిగేటప్పుడు చేతిలో ఉండదు. మీ డాక్యుమెంట్‌లో ఎంత ఆపుతారో, పని అయ్యాక లోపాలు మీరే సరిచేయాల్సిన డిఫెక్ట్ లయబిలిటీ ఎన్ని నెలలో చూసి ఆ కాగితం మీదే రాసుకోండి.

ఈసీవీలో ఏముందో ఏం లేదో కూడా ప్రైస్ బిడ్ పేజీలోనే తెలుస్తుంది. జీఎస్టీ, ఇసుక, కంకర మీద కట్టే సీనరేజి లాంటివి పార్ట్ బీ అని విడిగా చూపించి ఉంటే మీ శాతం పార్ట్ ఏ మీదే పడుతుంది. విడిగా లేకపోతే అవన్నీ మీ రేటులో ఉన్నట్టు లెక్క. ఇది స్పష్టంగా లేదనిపిస్తే సందేహాల గడువు లోపల రాతపూర్వకంగా అడగండి. ఆఫీసులో ఎవరో నోటిమాటగా 'ఉంటుందిలెండి' అన్నది తర్వాత ఎక్కడా చెల్లదు.

చివరిగా ప్రైస్ బిడ్ స్క్రీన్. శాతం అంకె పక్కన Excess, Less అని ఎంచుకునే చిన్న పెట్టె ఉంటుంది. మా పక్క ఊరి కాంట్రాక్టర్ ఒకాయన 14.5 అని సరిగ్గానే కొట్టి, ఆ పెట్టెలో Excess వదిలేశాడు. అందరూ లెస్ వేసిన టెండర్‌లో ఆయనొక్కడే పద్నాలుగున్నర ఎక్కువ. ఆయన కొడుకు ఇంటర్నెట్ సెంటర్‌లో రాత్రి తొమ్మిదింటికి హడావుడిగా వేశాడట. ఫ్రీజ్ చేసే ముందు అక్షరాల్లో వచ్చే మొత్తం చదవండి. మీరు 18 శాతం లెస్ వేస్తే అక్కడ 98.40 లక్షలు అని కనబడాలి. 141.60 లక్షలు కనబడితే ఆగండి.

ఈ టెండర్‌కి మీరు అర్హులేనని నా లెక్క. మీ 46 లక్షల పని ఏ నెలలో మొదలైందన్నది, రెండు పనుల్లో కలిపి కాంక్రీట్ 500 దాటిందా అన్నది మాత్రం మీరు చూసుకోవాలి. ఈ రెండూ సరిపోతే రేపే మీ బ్యాంకుకి వెళ్లి మేనేజర్‌ని ఒక్క మాట అడగండి: గ్యారంటీ కావాలంటే ఎంత మార్జిన్ పెట్టమంటారు? ఆయన చెప్పే అంకెను బట్టే మీరు 25 శాతం గీత దాటాలా, ఇవతలే ఆగాలా అన్నది తేల్చుకోండి.